ఇది ఎవరి హాలు?

పెళ్లి కుదిరిన ఇంట్లో హాలు వెతకడం మొదలవగానే అద్దె ఎంత, పార్కింగ్ ఉందా, జనరేటర్ ఉందా అన్న మాటలు నడుస్తాయి. అవి అయ్యాక ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు: "ఇంతకీ అది ఎవరి హాలు?" ఆయనకు కావలసింది యజమాని పేరు మాత్రమే అనుకుంటే పొరపాటు. అక్కడ మాంసం వండుకోనిస్తారా, మన పాస్టరుగారో ఖాజీగారో వస్తే మర్యాదగా చూస్తారా, తేదీ ఖాళీగా ఉన్నా మన ఊరిపేరు, ఇంటిపేరు విని లేదంటారా? ఆ ఒక్క ప్రశ్నలో ఇవన్నీ ఉన్నాయి. హాలు పేరు ఈ ప్రశ్నకు గేటు దగ్గరే జవాబు చెప్పేస్తుంది. ఆ జవాబు చదివిన కొన్ని కుటుంబాలు లోపలికి రావు, ఫోను కూడా చేయవు. రాని ఫోనుకు రిజిస్టరులో లెక్క ఉండదు కాబట్టి తన పేరు ఎవరిని ఆపేసిందో యజమానికి ఏళ్ల తరబడి తెలియదు.

మన ఊళ్లలో చాలా కళ్యాణ మండపాలు కుల సంఘాల చందాలతో లేచాయి. వాసవి పేరు కనబడితే ఆర్యవైశ్యులదనీ, మార్కండేయ అంటే పద్మశాలీలదనీ, రాయలసీమలో వాల్మీకి అంటే బోయలదనీ, కనకదాస అంటే కురుబలదనీ జనం చదివేస్తారు. ప్రభుత్వ సాయంతో కట్టిన షాదీఖానాలు ముస్లిం కుటుంబాల కోసం ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కట్టిన మండపాలు ఎన్నో పట్టణాల్లో ఉన్నాయి. వాటిని నేను తప్పుపట్టను. సంఘ మండపాలైతే, తమవాళ్లలో లేనివాళ్లకు తక్కువ ఖర్చుతో పెళ్లి జరిపించుకునే చోటు కావాలని రూపాయి రూపాయి పోగేసి కట్టుకున్నవి. ఆ పేర్లు తమ పని తాము చేస్తున్నాయి. ఈ అధ్యాయం రాస్తున్నది సొంత స్థలంలో, బ్యాంకు అప్పుతో, అందరికీ అద్దెకివ్వాలని హాలు కడుతున్నవాళ్ల కోసం. అలాంటి హాలుకు సంఘ మండపం పేరు పెడితే తలుపు అందరికీ తెరిచి పెట్టి, పేరుతో మూసినట్టవుతుంది.

ఇందులో గౌరవం సంగతి ఎంత ఉందో, బతుకుతెరువు సంగతీ అంతే ఉంది. అది క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా, పుష్యం వచ్చినా హిందూ పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఆ నెలల్లో కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, బ్యాంకు కిస్తీ ఆగవు. ముస్లిం కుటుంబాలకు రంజాన్‌లో పెళ్లిళ్లు తక్కువ, ముహర్రంలో చాలామంది పెట్టుకోరు. రంజాన్ ముగిశాక వచ్చే షవ్వాల్‌లో మాత్రం ఊపు ఉంటుంది. హిజ్రీ సంవత్సరం మన ఇంగ్లిషు సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది, అందుకే ఆ ఊపు ఏటా ముందుకు జరుగుతుంది. కొన్నేళ్లు అది సరిగ్గా మన ఖాళీ నెలల్లోకి వస్తుంది. క్రైస్తవ కుటుంబాలు ఈస్టరుకు ముందు 40 రోజుల శ్రమల కాలంలో పెళ్లిళ్లు మానుకుంటాయి గానీ, మూఢం వాళ్లకు అడ్డం కాదు. మూడు క్యాలెండర్లనూ పక్కపక్కన గోడకు పెట్టి చూడండి. ఒకరి ఖాళీ ఇంకొకరి సీజను. పేరు ఒక క్యాలెండరుకే కట్టుబడితే మిగతా రెండూ పోతాయి.

పేరులో రెండు ముక్కలు ఉంటాయి. మొదటి ముక్క మీదే అందరూ రాత్రిళ్లు చర్చిస్తారు. కానీ జనం ముందు చదివేది రెండో ముక్కను. "కళ్యాణ మండపం" అంటే కళ్ల ముందు తలంబ్రాలు, హోమం కనబడతాయి. క్రైస్తవ కుటుంబం ప్రార్థన చర్చిలో ముగించుకుని రిసెప్షన్‌కే హాలు చూసుకుంటుంది, వాళ్లకు ఆ మాట తమ కోసం కాదనిపిస్తుంది. "షాదీఖానా" అంటే అటువైపు అదే జరుగుతుంది. "ప్యాలెస్", "కన్వెన్షన్" అన్న మాటలకు మతం అంటదు, కులం అంటదు, కానీ అద్దె అంటుతుంది: కూలి పని చేసుకునే కుటుంబం రేటు అడగడానికే వెనకాడుతుంది. అందరూ రావాలని అంటూ పేదవాళ్లను ముందే జారవిడిచే పేరు అది. నా ఓటు "ఫంక్షన్ హాల్"కే. అందులో అందం లేదని కొందరు కొత్తవాళ్లు అంటారు. కానీ తెలుగు మాట్లాడే ఇంట్లోనూ, ఉర్దూ మాట్లాడే ఇంట్లోనూ, వానాకాలం పొలంలో ఉన్న మనిషి నోటా అదే మాట వస్తుంది. పెళ్లికే కాకుండా వోణీల పండుగకూ, వలీమాకూ, బాప్టిజం విందుకూ, పుట్టినరోజుకూ అది సరిపోతుంది.

మొదటి ముక్క ఎంచడం కష్టం. ఒక కేసు ముందు పెట్టుకుని చూద్దాం.

నంద్యాల శివార్లలో ఒక రైతు కుటుంబం ఎకరన్నరలో హాలు కడుతోంది అనుకుందాం. అది ఒకప్పుడు మామిడితోట, రోడ్డు వైపు ఇంకా నాలుగు చెట్లు మిగిలాయి. నంద్యాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. చుట్టూ నవనందుల క్షేత్రాలు, దగ్గర్లో మహానంది. పట్టణంలో పెద్ద ముస్లిం జనాభా. పాత క్రైస్తవ సమాజం, దానికో డయోసిస్. రెడ్లు, బలిజలు, బోయలు, మాలలు, మాదిగలు, వైశ్యులు, పక్క పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. 2022లో జిల్లా కేంద్రమయ్యాక ఉద్యోగాల మీద బయటి కుటుంబాలూ వచ్చాయి. ఇక్కడ పని చేసే పేరు మన ఊళ్లలో చాలాచోట్ల పని చేస్తుంది.

ఇంట్లో ఐదు పేర్లు వచ్చాయి. తండ్రి "శ్రీ మహానందీశ్వర కళ్యాణ మండపం" అన్నాడు. పెద్దకొడుకు తాతగారి పేరు, చివర రెడ్డి అనే మాటతో సహా, పెట్టాలన్నాడు. చిన్నకొడుకు "రాయల్ ప్యాలెస్". కోడలు, పక్కన పారే నది పేరు మీద, "కుందూ ఫంక్షన్ హాల్" అంది. పనిచేసే మేస్త్రి, అందరూ ఆ చోటును పిలిచే తీరులోనే, "మామిడితోట" అన్నాడు.

మొదటి రెండూ ఎక్కడ ఆగుతాయో చెప్పనవసరం లేదు, కానీ వాటి వెనక ఉన్న కోరికను తీసిపారేయకూడదు. తండ్రికి దేవుడి మీద భక్తి, కొడుక్కి తాత మీద ప్రేమ. ఆ రెండింటికీ చోటు వేరే ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో చట్టబద్ధమైన పేరు వేరుగా, వ్యాపార పేరు వేరుగా రాసుకునే వీలుంది. సంస్థను మహానందీశ్వరుడి పేరుతోనే నమోదు చేసుకోవచ్చు, ఆఫీసు గదిలో పటం పెట్టుకోవచ్చు. తాతగారి పేరు, కుల బిరుదు లేకుండా, భోజనశాల గోడ మీద రాతి పలకపై చెక్కించవచ్చు: ఈ తోట నాటిన మనిషి ఈయన అని. అన్నం తినే ప్రతివాడూ చదువుతాడు. బోర్డు మీద ఉంటే చదివి తప్పుకునేవాళ్లు అక్కడ చదివి దండం పెడతారు. ఇంట్లో గొడవ ఇక్కడ తీరకపోతే పేరు పెట్టిన పదేళ్ల తరవాత కూడా తీరదు, కాబట్టి ఈ మాట ముందే మాట్లాడుకోండి.

మిగిలిన పేర్లను కార్డు మీద వేసి చూడాలి. ఇది నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ప్రింటింగ్ ప్రెస్సులో మూడు పాత కార్డులు అడిగి తెచ్చుకోండి: ఒక హిందూ శుభలేఖ, ఒక ముస్లిం దావత్‌నామా, ఒక క్రైస్తవ వివాహ ఆహ్వానం. వేదిక అని ఉన్నచోట తెల్ల కాగితం అంటించి, మీరనుకున్న పేరు రాయండి. పైన బిస్మిల్లా ఉన్న కార్డు కింద "శ్రీ మహానందీశ్వర కళ్యాణ మండపం" చదివితే ఆ ఇంటి అమ్మమ్మ ఏమంటుందో మీకే వినబడుతుంది. "రాయల్ ప్యాలెస్" మూడు కార్డుల మీదా ఇమిడిపోతుంది, కానీ రాష్ట్రంలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఫోనులో వెతికితే ఇంకో ఊరి హాలుకు దారి చూపిస్తుంది. పైగా అది అద్దె గురించి భయపెట్టే పేరని ముందే అనుకున్నాం.

తరవాత మనుషులను అడగాలి. ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "పేరు ఎలా ఉందండీ?" అంటే అందరూ బాగుందనే అంటారు. ఎదుటివాడి పెట్టుబడి మీద మాట పడేయడానికి ఎవరికి మనసొస్తుంది? ఒక్కొక్కరినీ వాళ్ల చోట కలవండి, పేరు మీది అని చెప్పకండి. "బైపాసు దగ్గర ఇట్లాంటి హాలు కడతన్నారంట, ఎవురిదై ఉంటాది?" అని అడగండి. జవాబులో కులం పేరో మతం పేరో వస్తే పేరు చెడినట్టే. "ఏమో, ఎవరిదో" అంటే అది మంచి జవాబు. ఆ తరవాత, "మీ పాప పెండ్లికి ఆడ చూసుకుంటారా?" అనండి. ఈ రెండో ప్రశ్నకు ముందు వచ్చే క్షణం సేపు మౌనాన్ని గమనించండి, అందులో విషయం ఉంటుంది. ముస్లిం ఇంట్లో, మాల మాదిగ పేటల్లో, చర్చి పెద్దల్లో, పురోహితుల్లో ఒక్కొక్కరినైనా అడగాలి. ఆడవాళ్లను తప్పకుండా అడగండి, హాలు ఖాయం చేసేది చాలాసార్లు వాళ్లే.

"కుందూ" ఈ పరీక్షలో తడబడుతుంది. నదికి కులం లేదు, పేరు ముచ్చటగా ఉంది, కార్డుల మీదా ఇమిడింది. కానీ కుందూ పొంగి వీధుల్లోకి నీళ్లొచ్చిన రోజులు పాత నంద్యాలవాళ్లకు గుర్తే. "పెండ్లికి వరద పేరేంది?" అని ఒక ముసలమ్మ అంటుంది. ఇలాంటి అభ్యంతరం మతాలన్నిటికీ ఉమ్మడి, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నల్లమల అందరి కొండే అయినా శుభకార్యంలో "నల్ల" వినడానికి ఇష్టపడని ఇళ్లున్నాయి. చింతతోపు అందమైన మాటే, కానీ చింత అంటే దిగులు కూడా.

"మామిడితోట" నిలబడుతుంది. హిందూ ఇంటికి మామిడాకు తోరణం గుర్తొస్తుంది, అందులో ఎవరినీ బయటపెట్టేది లేదు. పక్కనే బనగానపల్లె ఉంది. 1948 దాకా నవాబుల సంస్థానంగా ఉన్న ఊరు, ఆ ఊరి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండును తోటలో పెంచిన రైతూ, బుట్టల్లో సంతకు తెచ్చిన కూలీ, దస్తర్‌ఖాన్ మీద పెట్టుకున్న నవాబూ అందరూ తమదనే అనుకున్నారు. ఇంట్లో ఎవరో అప్పుడు "బంగినపల్లి తోట" అంటే ఇంకా బాగుంటుంది కదా అంటారు. వద్దు. హాలు బనగానపల్లెలో ఉందనుకుని పెళ్లివాళ్లు అటు వెళతారు. మామిడితోటలో ళ, ణ లాంటి అక్షరాలు లేవు, ఉర్దూ మాట్లాడే నోటికి సులువు. ఉర్దూలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు, అందుకని ఉర్దూ చదివే ఒకరికి కాగితం మీద రాసి, ముందు చెప్పకుండా చదివించి చూడండి. ఆటో స్టాండులో కూడా ఒకసారి చెప్పి చూడండి. "మామిడితోట ఫంక్షన్ హాలు" అంటే డ్రైవరు మీటరు తిప్పేలోపు దారి చెప్పగలిగితే, ఆ పేరు అప్పటికే ఊరి నోట్లో ఉందన్నమాట.

పేరు ఖాయం చేసేముందు చూసుకోవలసిన చట్టాలు కొన్నే. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో హాళ్ల అద్దె, విందు సేవలు వచ్చే 43వ తరగతిలో అలాంటి పేరు ఎవరిదైనా ఉందా అని ఉచితంగా వెతకవచ్చు. గాంధీజీ పేరు, శివాజీ పేరు వ్యాపారానికి వాడాలంటే 1950 నాటి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. దేవుడి పేరు పెట్టుకుంటే ఇంకెవరూ వాడలేరన్న నమ్మకమూ వద్దు: ఒక అగరుబత్తీ కంపెనీ "రామాయణ్" అన్న పేరును తన సొంతం చేసుకోబోతే, పవిత్ర గ్రంథం పేరు మీద ఎవరికీ గుత్తహక్కు ఉండదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది.

అందరినీ కలుపుతున్నామని పేరులోనే చాటుకునే ఆలోచన కూడా ఒకటి వస్తుంది: "సర్వమత", "సమత", బోర్డు మీద ఓంకారం, నెలవంక, శిలువ పక్కపక్కనే. వాటి వెనక మనసు మంచిదే. కానీ తలంబ్రాల బియ్యం మోసుకొస్తున్న కుటుంబానికి గేటు దగ్గరే మతాల తేడా గుర్తుచేసే పేరు అది. సర్కారు భవనంలా కూడా కనబడుతుంది. పువ్వుల పేర్లతో కూడా జాగ్రత్త. కమలం, గులాబీ అంటే మన రాష్ట్రాల్లో ముందు పార్టీలు గుర్తొస్తాయి. మల్లె మాత్రం పెళ్లికూతురి జడలోనూ, ముస్లిం పెళ్లికొడుకు సెహ్రాలోనూ, చర్చి నుంచి వచ్చే దండలోనూ ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అంబేడ్కర్ పేరున్న హాలుకు కొన్ని కుటుంబాలు రావు. దాన్ని చూపించి, "చూశారా, ఆ పేరు కూడా అందరినీ కలపదు" అనేవాళ్లుంటారు. వాసవి మండపాన్ని వదిలి వెళ్లే కుటుంబం, అది తమది కాదేమో, తమకు చోటు ఉండదేమో అని తప్పుకుంటుంది. అంబేడ్కర్ భవనాన్ని వదిలి వెళ్లే కుటుంబం ఎవరి పక్కన కూర్చోవలసి వస్తుందో అని తప్పుకుంటుంది. మొదటిదాన్ని తీర్చడం మన పని. రెండోదానికి లోబడి పేర్లు ఎంచడం ఎవరినీ ఆహ్వానించడం కాదు, వివక్షకు పీట వేయడమే.

పేరు పెట్టాక దాన్ని పాడుచేసేవి చుట్టూ చాలా ఉంటాయి. "మామిడితోట ఫంక్షన్ హాల్" అని రాసి కింద చిన్న అక్షరాలతో "శుద్ధ శాకాహారం" అని వేస్తే, జనం చదివేది ఆ చిన్న అక్షరాలనే. అది వంట నియమం అని మీరనుకుంటారు. మీ కులం ఏమిటో చెబుతున్నారని వాళ్లనుకుంటారు. నిజంగానే వంటశాలలో మాంసం వండనివ్వకూడదని నిశ్చయించుకుంటే ఆ సంగతి రేటు కార్డులో మర్యాదగా రాయండి, అయితే అందరి హాలు అన్న మాట అక్కడితో తగ్గుతుందని ఒప్పుకోండి. నేనైతే రెండు వంటశాలలు కట్టమంటాను: రెండు గ్యాసు లైన్లు, రెండు సెట్ల పాత్రలు, హలాల్ మాంసం కావలసినవాళ్లు తమ మాంసం, తమ వంటవాణ్ణి తెచ్చుకునే వీలు. శాకాహార కుటుంబాలకూ అదే ధైర్యం: తమ సాంబారు గంటె వేరే కుండలోకి వెళ్లదు.

గేటుకు గోపురం ఆకారం వద్దు, గోడలో ఇమిడిపోయిన విగ్రహాలు వద్దు. మండపం, హోమగుండం, పూల తెర, మహిళల విడిది తెరలు అన్నీ తీసి పెట్టుకునేలా ఉండాలి. ముస్లిం పెళ్లిలో ఆడవాళ్లకు వేరే కూర్చునే చోటు కావాలనే కుటుంబాలుంటాయి, హాలు మధ్యలో తెర కట్టడానికి పైకప్పుకు కొక్కేలు కట్టేటప్పుడే పెట్టించండి. బోర్డు మీద తెలుగు పెద్దగా, దాని కింద ఉర్దూ, ఇంగ్లిషు. ఉర్దూ అక్షరాలు తెలిసినవాళ్లతో రాయించండి, కంప్యూటరులో దొరికిన ఏదో ఫాంటుతో విడివిడి అక్షరాలు పడితే అది అవమానంగా తగులుతుంది.

బుకింగు బల్ల దగ్గర కూర్చునే మనిషి పేరుకన్నా ముఖ్యం. ఆయన "మీరేమిట్లు?" అని అడిగిన నిమిషంలో బోర్డు మీద ఎంత మంచి పేరున్నా వృథా. ఫారంలో కులం, మతం గడులే ఉండకూడదు. వాటి బదులు: హోమం ఉంటుందా, వేదిక ఎంత పెద్దది కావాలి, ఆడవాళ్లకు వేరే చోటు కావాలా, వంట ఎవరు చేస్తారు, ఎంతమంది, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా. ఖాళీ తేదీల రిజిస్టరు ఎదుటివాళ్లు చూసేలా బల్ల మీద తెరిచి పెట్టండి. తేదీ ఖాళీగా ఉంచుకుని దళిత కుటుంబానికి లేదనడం చాలా ఊళ్లలో జరిగే పని, అది ఎవరికీ కనబడకుండా జరుగుతుంది. తెరిచిన రిజిస్టరు ముందు అది జరగదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, అంటరానితనం పాటిస్తూ అందరికీ తెరిచిన చోట్లకు రానివ్వకపోవడాన్ని శిక్షార్హం చేసింది. మేనేజరుకు ఈ సంగతి మొదటిరోజే చెప్పండి.

పేరు పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఏడాది చివర రిజిస్టరు తిరగేయండి. కులాలు లెక్కపెట్టనవసరం లేదు, ఏ కార్యాలు జరిగాయో చూడండి. నిఖాలు, వలీమాలు, చర్చి రిసెప్షన్లు ఒక్కటీ లేకపోతే, లేదా మూఢంలో హాలు పూర్తిగా మూతపడి ఉంటే, ఎక్కడో ఏదో మాట ఆపుతోంది. ఆటో స్టాండుకు మళ్లీ వెళ్లండి. డ్రైవరు "ఓ, రెడ్డోళ్ల హాలా?" అంటే పేరు బోర్డు మీదే ఉండిపోయిందని అర్థం. అప్పుడు తప్పు మొదట పేరులో వెతకవద్దు. వంటశాల, బల్ల దగ్గరి మనిషి, గేటు మీది బొమ్మ, ఈ వరుసలో వెతకండి.

ఇప్పటికే కుల నామంతో నడుస్తున్న హాలుకు పేరు మార్చాలంటే తొందర పనికిరాదు. అప్పటికే అడ్వాన్సు ఇచ్చిన కుటుంబాలు పాత పేరుతో కార్డులు అచ్చు వేయించుకుని ఉంటాయి. చివరి పాత బుకింగు ఏ తేదీనో చూసుకోండి. ఆ తేదీ దాకా కొత్త పేరు కింద పాత పేరు చిన్నగా ఉంచండి. పట్టణంలోని ప్రింటింగ్ ప్రెస్సులు, టెంటుహౌసులు, బ్యాండువాళ్లు, పురోహితులు, మసీదు కమిటీ, చర్చి ఆఫీసు, వీళ్లందరికీ కొత్త పేరున్న కార్డు మీరే చేతికివ్వండి. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం కొత్త ఎంట్రీ తెరవకండి, ఉన్నదాని పేరునే మార్చండి. లేకపోతే రెండు హాళ్లున్నాయనుకుని, ఒక పెళ్లివారు పాతదాని కోసం వీధంతా తిరుగుతారు.